ఒక వరుస జారిన పేజీ

ఆసుపత్రి బట్టల గదిలో ఆమెను అందరూ సూదక్క అనేవారు. రవికె అంచులో ఎప్పుడూ రెండు సూదులు గుచ్చి ఉండేవి, ఒకటి తెల్లదారంతో, ఒకటి పచ్చదారంతో. చిరిగిన దుప్పటి చేతికి తగిలితే చాలు, అది మిషను మీదికి వెళ్లాలో, అతుకు వేస్తే సరిపోతుందో, ముక్కలు చేసి నేలగుడ్డలుగా మార్చాలో చూడకుండానే చెప్పేది. పదహారేళ్లుగా అదే గది, అదే కిటికీ, అదే గంజి వాసన.

ఆ గదికి పెద్దగా ఉన్న సిస్టరు వచ్చే వేసవికి పదవీ విరమణ చేస్తోంది. ఆమె కుర్చీ సూదక్కకే ఇవ్వాలని వార్డుల వాళ్లందరి మాట. కాగితం మాట మాత్రం వేరు. ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు పదో తరగతి పాసై ఉండాలి. సూదక్క ఏడుతో ఆపేసిన మనిషి. నలభై మూడేళ్ల వయసులో ప్రైవేటుగా పరీక్షలు రాసింది. లెక్కలు గట్టెక్కాయి, ఇంగ్లీషు కూడా ఎలాగో గట్టెక్కింది. తెలుగులో పోయింది. పాసవడానికి ముప్పై అయిదు కావాలి, వచ్చినవి ఇరవై తొమ్మిది.

"తెలుగులో పోయావా?" అన్నాడు ఇస్త్రీ మామ, బొగ్గుల పెట్టె లాంటి ముఖం పెట్టి. "మరి ఇన్నేళ్లూ మమ్మల్ని ఏ భాషలో తిట్టావు?"

"నువ్వు దుప్పట్లు మాడ్చే భాషలోనే," అంది సూదక్క.

మళ్లీ పరీక్ష మూడు నెలల్లో ఉంది. అది కూడా పోతే కుర్చీలోకి బయటి నుంచి ఎవరో వస్తారు, దుప్పటికీ దిండు గలేబుకీ తేడా తెలియని మనిషి. ఆ మనిషి కింద పనిచెయ్యడం ఆమెకు కష్టం కాదు. ఆ మనిషికి పని నేర్పుతూ, ఆ మనిషి చేతే పనులు చెప్పించుకోవడం కష్టం.

పెద్ద సిస్టరే చెప్పింది, గ్రంథాలయం పక్క గదిలో ప్రూఫుల మాస్టారు సాయంత్రాలు కూర్చుంటారని. ఆయన బడి మాస్టారు కాదు. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. పని మానేశాక ఎవరడిగినా తెలుగు చెబుతాడు. ఆయన దగ్గర ఒక కండిషను ఉందట: తోచిన జవాబు చెప్పొచ్చు గానీ గుర్తొచ్చిన జవాబు చెప్పకూడదట. అదేమిటో సూదక్కకు అప్పుడు అర్థం కాలేదు.

డ్యూటీ అయిదింటికి దిగి నేరుగా వెళ్లింది. చిన్న గది, పొడవాటి బల్ల, కాళ్లు సమంగా లేని నాలుగు కుర్చీలు. బల్ల చివర సన్నటి ముసలాయన చొక్కా జేబులో ఎర్ర పెన్సిలుతో కూర్చుని, పాత కేలండరు వెనక వైపు ఏదో రాస్తున్నాడు.

"ఎందులో ఆగారమ్మా?" అన్నాడు తలెత్తకుండానే.

"సంధులు, సమాసాలు అండీ. మిగతాది రాసేస్తాను. పద్యం కూడా వచ్చు. ఈ విడదీసేవే."

"చదివారా?"

"చదవడమేంటండీ, గైడు మొత్తం అప్పజెబుతాను."

"ఊఁ. నిలువుటద్దం?"

"గుణసంధి," అంది ఆమె తడుముకోకుండా.

ఆయన పెన్సిలు ఆగింది. "అత్యంతం?"

"టుగాగమ సంధి."

"పట్టపగలు?"

"యణాదేశం అండీ." ఆమెకు కొంచెం గర్వంగా కూడా ఉంది, ఒక్కటీ తప్పిపోలేదని.

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ గైడు ఉందా మీ దగ్గర?"

సంచిలోంచి తీసి ఇచ్చింది. అక్క కూతురు చదివి ఇచ్చిన పుస్తకం, దాని కన్నా ముందు ఇంకెవరో చదివారు. అట్ట ఊడిపోతే సూదక్కే పచ్చదారంతో కుట్టింది. మాస్టారు పేజీలు తిప్పలేదు. పుస్తకాన్ని మధ్యకు కాస్త ముందు బొటనవేలితో తెరిచాడు, సరిగ్గా 'ఒక్కమాట జవాబులు' అనే పేజీ వచ్చింది. ఒక వైపు పదాలు, రెండో వైపు సంధి పేర్లు. చాలాసేపు చూశాడు. అంతసేపు చూడ్డానికి ఆ పేజీలో ఏముందో ఆమెకు తెలియలేదు.

"ఇది నా దగ్గర ఉంచండి. రేపటి నుంచి రండి. నోటుబుక్కు చాలు," అన్నాడు. తన చదువు అంత అన్యాయంగా ఉందేమో అనుకుంటూ ఇంటికి వెళ్లింది.

మర్నాడు పాఠం మొదలైన తీరు ఆమెకు నచ్చలేదు. మాస్టారు ఒక్క సంధి పేరూ చెప్పలేదు. "నిలువుటద్దం. మెల్లగా పలకండి," అన్నాడు. పలికింది. "ఇందులో మీకు తెలిసిన మాటలేంటి?"

"నిలువు. అద్దం."

"రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కలిపినదానికీ వీటికీ తేడా ఏంటి?"

ఆమె రాసుకుని చూసింది. "మధ్యలో టకారం ఒకటి ఉందండీ."

"అది నిలువుదా, అద్దందా?"

"ఇద్దరిదీ కాదు."

"అయితే ఏమైనట్టు?"

"కొత్తగా వచ్చినట్టు."

"అంతే. కొత్తగా వచ్చి చేరినదాన్ని ఆగమం అన్నారు. వచ్చింది ట కాబట్టి టుగాగమం. ఆ పేరు ఇవాళ మర్చిపోయినా పర్లేదు. ఏదో వచ్చిందన్నది మర్చిపోకండి." ఇంకో పదం రాశాడు. "వాడెక్కడ?"

"వాడు, ఎక్కడ. దీంట్లో ఏదీ రాలేదు. డు చివర ఉకారం పోయింది."

"మహోన్నతం?"

"మహా, ఉన్నతం." ఆమె చాలాసేపు చూసింది. "ఆ పోయింది, ఉ పోయింది. ఓ అనేది ఒకటి కనబడుతోంది. రెండూ కలిసి మూడోదయ్యాయి."

"అన్నదమ్ములు?"

"అన్న, తమ్ముడు. త ఉండాల్సిన చోట ద ఉంది. మారిందండీ."

మాస్టారు కేలండరు వెనక నాలుగు మాటలు ఒకదాని కింద ఒకటి రాశాడు: పోయిందా, వచ్చిందా, మారిందా, కలిసిందా. "ఏ పదమైనా ఇవ్వండి, అతుకు దగ్గర ఈ నాలుగింటిలో ఏదో జరిగి ఉంటుంది. ముందు జరిగింది చూడండి. పేరు తర్వాత పెడదాం. బిడ్డ పుట్టకుండా బారసాల ఎందుకు?"

"మా కుట్టు కూడా ఇంతేనండీ, అంచు మడిస్తే..." అని ఆమె మొదలుపెట్టింది.

"కుట్టు సంగతి కుట్టు దగ్గర. పోలికలు వినడానికి బాగుంటాయి, పదం మీద నుంచి కన్ను పక్కకు లాగుతాయి. పదం చూడండి," అన్నాడాయన.

సూదక్కకు ఆ మాట గుచ్చుకుంది గానీ నచ్చింది. తన దగ్గర పని నేర్చుకునేవాళ్లు కబుర్లు చెబుతుంటే తనూ అంతే అనేది, బట్ట చూడవే అని.

వారం తిరిగేసరికి పదాలు ఆమె వెంట పడ్డాయి. బట్టలు లెక్కపెడుతుంటే, బస్సు కోసం నిలబడితే, బోర్డుల మీది మాటలు వాటంతటవే ఊడిపోతున్నాయి. వైద్యాలయం: వైద్య, ఆలయం, అకారమూ ఆకారమూ కలిసి ఒక దీర్ఘం. కూరగాయలు: కూర, కాయ, క మారి గ. పెద్ద సిస్టరు "చిట్టచివరి అలమర సర్దు" అంటే, "చివర చివర. మొదటి చి తప్ప మిగిలినదంతా పోయి ట్ట వచ్చింది సిస్టర్" అంది. సిస్టరు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"నన్ను విడదియ్యి చూద్దాం," అన్నాడు ఇస్త్రీ మామ.

"ఇస్త్రీ చేసే మామ. మధ్యలో 'చేసే' అన్నది పోయింది. నీ దగ్గర ఎప్పుడూ పోయేది ఆ చెయ్యడమే."

సమాసాల దగ్గర మళ్లీ చిక్కు పడింది. విభక్తులన్నీ ఆమెకు వరసగా వచ్చు, ఏది ఎక్కడ పెట్టాలో రాదు. గైడులో భయం అన్న మాట ఉంటే పంచమి, అని గుర్తు పెట్టుకుంది. దొంగభయం, పాముభయం. భయం లేని పదం వస్తే భయం వేసేది.

మాస్టారు అడిగాడు: "రోగి దుప్పటి. ఏమంటారు?"

"రోగి యొక్క దుప్పటి. షష్ఠీ తత్పురుష."

"మీ బట్టల గదిలో కూడా అంతేనా?"

ఆమె నవ్వింది. "అదే అయితే ప్రతివాడూ చంకలో పెట్టుకుని ఇంటికి పోతాడండీ. పోతున్నారు కూడా. మూల మీద ముద్ర కొట్టేది అందుకే. రోగి కొరకు దుప్పటి. దుప్పటి ఆసుపత్రిది."

"అప్పుడు?"

"చతుర్థి."

"రెండూ ఆ పదంలోంచి వస్తాయి. ఏది సరైనదో విభక్తి చెప్పదు, ఆ రెండు మాటల మధ్య సంబంధం చెబుతుంది. వాక్యం ఇస్తే వాక్యం చూడండి. ఇవ్వకపోతే ఆ వస్తువును చూడండి. వంటచెరకు ఎందుకుంది? వంట కొరకు. నూలుబట్ట దేనితో అయింది? నూలుతో. చేతికుట్టు?"

"చేతితో కుట్టు. తృతీయ." ఇన్నేళ్లూ చేసిన పనికి ఒక విభక్తి ఉందని ఆమెకు ఆరోజే తెలిసింది.

తర్వాత ఆయన చెప్పింది ఆమె ఎన్నడూ మర్చిపోలేదు. వాడెక్కడ అన్నప్పుడు ఉకారం ఊరికే పోయింది, నిలువుటద్దంలో ఉకారం పోకుండా మధ్యలో ట ఎందుకు వచ్చింది అని ఆమే అడిగింది. ఆయన ముఖం వెలిగింది. "ఈ ప్రశ్న కోసమే కూర్చున్నానమ్మా. వాడు, ఎక్కడ అన్నవి పక్కపక్కన నిలబడ్డ రెండు మాటలు, అంతే. నిలువుటద్దంలో నిలువు అనేది అద్దం ఎలాంటిదో చెబుతోంది. నిలువైన అద్దం. అది కర్మధారయ సమాసం. అలాంటి చోట ఆ టకారం వస్తుంది. అన్నదమ్ముల్లో త మారి ద అయింది కదా, అది అన్నా తమ్ముడూ సమానంగా నిలబడ్డ ద్వంద్వం కాబట్టి. సంధి వేరే పాఠం, సమాసం వేరే పాఠం అని గైడు విడగొట్టింది. మాటలు విడిపోలేదు."

పరీక్షకు మూడు వారాలుందనగా మాస్టారు గైడు తిరిగి ఇచ్చాడు. "ఈ పేజీ మళ్లీ చెయ్యండి. జవాబుల వైపు అట్టముక్క పెట్టి మూసుకుని చెయ్యండి. అయ్యాక తీసి సరిచూసుకుని, రేపు రండి."

ఆదివారం మధ్యాహ్నం వంటగది గడప మీద కూర్చుని చేసింది. అట్టముక్క తీసింది. ఏడో పదం దగ్గర నుంచి పన్నెండో పదం దాకా ఒక్కటీ కలవలేదు. ఇన్ని వారాల చదువూ గంగలో కలిసిందనుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ అవే జవాబులు వచ్చాయి. అతి, అంతం. ఇకారం యకారమైంది. మారిందే గానీ వచ్చింది కాదు. గైడు మాత్రం టుగాగమం అంటోంది. అందులో టకారం ఎక్కడుంది? ఎంత వెతికినా లేదు. అచ్చులో ఉన్నది తప్పు అనుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. వేలు ఒక వరుస కిందికి జరిపి చూసేదాకా నమ్మలేదు. తన ప్రతి జవాబూ పక్క వరుసలో, సరిగ్గా ఒక మెట్టు కింద ఉంది. మహోన్నతం జవాబు నిలువుటద్దానికి, నిలువుటద్దం జవాబు అత్యంతానికి. అన్నిటికంటే కింద మాయమ్మకు రావలసిన యడాగమం పైకెక్కి మహోన్నతం పక్కన కూర్చుంది.

సోమవారం గదిలోకి వస్తూనే అంది. "మాస్టారూ, గైడు తప్పండీ. ఆరు వరుసలు. జారాయి."

"నమ్మకమేనా?"

"నాకు నమ్మకమే. అత్యంతంలో టకారం చూపించమనండి ఎవరినైనా."

మాస్టారు తల ఊపాడు. తర్వాత చాలాసేపు ఎర్ర పెన్సిలును బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు.

"ఆ పేజీ ప్రూఫు చూసింది నేనే," అన్నాడు.

సీసపు అక్షరాల కాలమట అది. జవాబులన్నీ ఒక కాలమ్ముగా పేర్చి దారం కట్టారు. పేజీ బిగించేటప్పుడు చివరి వరుస ఊడి కింద పడితే, ఎవరో ఎత్తి ఆరో వరుస కింద ఇరికించారు. ఆఖరి ప్రూఫు ఆయన బల్ల మీదికి వచ్చింది. ఆయన ప్రూఫు చదివే పద్ధతికి అచ్చాఫీసులో పేరుండేది: కింది నుంచి పైకి, కుడి నుంచి ఎడమకు చదివేవాడు. అర్థంలో పడితే అక్షరం కనబడదని ఆ పద్ధతి. ఒక్క అక్షరం తప్పిపోయేది కాదు. ఆ పేజీలో కూడా ఒక్క అక్షరం తప్పు లేదు. సంతకం పెట్టి ప్రింటుకు ఇచ్చాడు.

"అప్పటికి నాకు సంధులు రావమ్మా. అక్షరాలే వచ్చు. యణాదేశంలో ణ సరిగ్గా పడిందా లేదా అన్నదే చూశాను. అది ఎవరి పక్కన పడిందో చూడలేదు. అదే పేజీ నాలుగుసార్లు మళ్లీ అచ్చయింది. పదేళ్ల తర్వాత మా తమ్ముడి కూతురు నా ముందే అప్పజెప్పింది, మీరు చెప్పినట్టే, తడుముకోకుండా. అప్పుడు తెలిసింది. గైడు వేసినాయనకు ఉత్తరం రాస్తే అప్పటికే దుకాణం మూసేశారు. పుస్తకాలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. నన్ను కుదిపేసింది తప్పు కాదు. పదేళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇది తప్పని చెప్పలేదు. చదివినవాళ్లందరూ నాలాగే చదివారు. అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను. ఒక్కో పదం పట్టుకుని, అది విడేదాకా. ఆ తర్వాత ఈ బల్ల."

"మొదటిరోజే చెప్పలేదేంటండీ?"

"చెబితే దీన్ని కొట్టేసి సరైనది బట్టీ పట్టేవారు. మీరే కనుక్కుంటే ఇంకే గైడూ మిమ్మల్ని ఏమీ చెయ్యలేదు. కానీ ఒకమాట, మీరు కనుక్కోకపోతే పరీక్షకు ముందు చెప్పేసేవాణ్ని." తర్వాత మెల్లగా అన్నాడు, "మీరు పోయింది నా మూలంగానే. అది మీకు చెప్పాలి."

సూదక్క వేళ్ల మీద లెక్క వేసింది. "ఆ పేజీలోంచి పోయినసారి ఇచ్చింది నాలుగు మాటలండీ. నాలుగు మార్కులు. ఇరవై తొమ్మిదీ నాలుగూ ముప్పై మూడు. మీ పేజీ బంగారంలా ఉన్నా నేను పోయేదాన్నే. అన్నిటికీ మీరే కారణమని అనుకోకండి, నా వాటా నాక్కూడా ఉంచండి."

మాస్టారు నవ్వడం ఆమె మొదటిసారి చూసింది. పక్కపళ్లు రెండు లేవు.

పరీక్షలో ఆమె ఎన్నడూ చూడని మాటలు ఇచ్చారు. ప్రత్యేకం అన్న మాట రోజుకు పదిసార్లు వాడుతుంది, ప్రత్యేక వార్డు, ప్రత్యేక దుప్పట్లు. అది విడిపోతుందనే తెలియదు. మెల్లగా పలికింది. ప్రతి. ఏకం. ఇకారం యకారమైంది. మారింది. పేరు చివర్లో రాసింది, బిడ్డ పుట్టాక. సమాసాల్లో ఒకటి దగ్గర పెన్ను ఆగింది, ఎప్పుడూ వినని పదం. దాన్ని వదిలేసింది. తెలియనిదాన్ని తెలియదని వదలడం కూడా ఈసారి ఇబ్బందిగా అనిపించలేదు.

ఫలితం వచ్చిన రోజు ఇస్త్రీ మామే ఫోనులో చూసి చెప్పాడు. "అరవై నాలుగు. ఇంక మమ్మల్ని వ్యాకరణంతో తిడతావన్నమాట."

సాయంత్రం ఆమె మాస్టారికి ఒక చేతిసంచి ఇచ్చింది. ముతక నూలుబట్ట, రెండు అరలు, ఒక అర ఎర్ర పెన్సిళ్లకు. మిషను ముట్టుకోకుండా కుట్టింది. ఆయన సంచిని తిరగేసి లోపలి కుట్టు చూశాడు. బట్టల గదిలో వాళ్లు తప్ప ఎవరూ లోపలి వైపు చూడరు.

"చేతికుట్టు," అన్నాడు.

"తృతీయ అండీ."

వెళ్లబోతూ ఆమె పుస్తకం తీసింది. "ఆ పేజీ దిద్దిపెట్టండి. మీ సంతకంతో." ఆయన పెన్సిలు తీసి, పేజీ తెరిచి, మళ్లీ మూసేశాడు. "ఎవరికైనా ఇస్తారా దీన్ని?" "ఇస్తానండీ, ప్రసూతి వార్డు ఆయా పది రాయాలంటోంది." "అయితే దిద్దకూడదు," అన్నాడు.

వేసవికి సూదక్క ఆ కుర్చీలోకి వచ్చింది. రవికె అంచున సూదులు మాత్రం అలాగే ఉన్నాయి. మొదటి వారంలోనే ప్రసూతి వార్డు ఆయా టీ గ్లాసుతో వచ్చి, "అక్కా, గైడు ఇస్తానన్నావు," అంది.

సూదక్క బల్ల సొరుగులోంచి పుస్తకం తీసింది. పచ్చదారం కుట్టు ఇంకా గట్టిగానే ఉంది.

"తీసుకో. ఇందులో ఒక పేజీ తప్పుంది," అంది.

"ఏ పేజీ?"

"అది తెలిసిన రోజు చెప్పు. టీ నేను పోయిస్తాను."